పంపే ముందు పైకి చదివిన నంబరు

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసేది ఒక చిన్న మందుల కంపెనీ. మాత్రలు తయారుచేస్తాం, స్ట్రిప్పుల్లో ప్యాక్ చేస్తాం, డబ్బాల్లో పెట్టి జిల్లాల్లో ఉన్న స్టాకిస్టులకు పంపుతాం. నేను క్వాలిటీ విభాగంలో కాగితాలు చూస్తాను. మాత్ర ఎలా తయారవుతుందో తెలుసు గానీ, నా చేతిలోకి మాత్ర ఎప్పుడూ రాదు. ఏ బ్యాచ్ ఎప్పుడు చేశారు, ఎంత చేశారు, ఎవరు సంతకం పెట్టారు, ఎక్కడికి వెళ్లింది, ఇవి మాత్రమే వస్తాయి.

ఆ రోజు పొద్దున ఉప్పల్ నుంచి బస్సు దిగి లోపలికి వచ్చేసరికి మా క్వాలిటీ హెడ్ సార్ నా కుర్చీ పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన ఎప్పుడూ ఎవరి టేబుల్ దగ్గరికీ రారు, పిలిపిస్తారు. రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి. కోస్తా వైపు వాళ్లు. నాన్నగారి ప్రభుత్వ ఉద్యోగం వల్ల చిన్నప్పుడే ఏఎస్ రావు నగర్ వైపు వచ్చి స్థిరపడ్డారు. గొంతు పెంచడం నేను ఎన్నడూ వినలేదు. ఆ రోజు కూడా పెంచలేదు. తన ఫోను నా వైపు చాపారు.

"అమ్మా, బ్యాగు అక్కడ పెట్టి ముందు ఇది చదవండి" అన్నారు.

ఒక చిన్న ఊళ్లో మెడికల్ షాపు నడిపే ఆయన రాసిన మెయిల్ అది. మా బీపీ మాత్రల డబ్బా ఒకటి తెరిచి స్ట్రిప్పులు అమ్ముతున్నాడట. ఒక పెద్దావిడకు అందులోంచి ఒక స్ట్రిప్పు సగానికి కత్తిరించి ఇచ్చాడట. ఆవిడ వేసుకుంది. ఒళ్లంతా చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళితే, అక్కడి డాక్టరు ఆమె సంచిలో ఉన్న సగం స్ట్రిప్పు చూసి, ఇది బీపీ మాత్ర కాదు, షుగరు తగ్గించే మాత్ర అన్నాడు. ఆవిడకు షుగర్ జబ్బే లేదు.

రెండు మాత్రలూ మావే. ఒకే లైన్ మీద ప్యాక్ చేస్తాం. రెండు స్ట్రిప్పులూ వెండి రంగులోనే ఉంటాయి. బీపీ మాత్రల డబ్బాలోకి షుగర్ మాత్రల స్ట్రిప్పు వెళ్లిందంటే అది ఒక్కటే వెళ్లిందని ఎవరు చెప్పగలరు? ఇంకో డబ్బాలో ఇంకొకటి ఉంటే? దాన్ని ఈ క్షణంలో ఎవరో కత్తిరించి, కాగితపు కవరులో వేసి ఇస్తూ ఉంటే?

"ఆ పెద్దావిడ ఎట్లున్నది సార్?" అని అడిగాను.

"ఐసీయూలో ఉందట. ఇంకేం తెలీదు."

మెయిల్‌లో షాపాయన బ్యాచ్ నంబరు కూడా రాశాడు. చివర ఎనభై మూడు. కింద డబ్బా ఫోటో. సార్ అప్పటికే ఎనభై మూడు బ్యాచ్ రికార్డు పైనుంచి తెప్పించారు. ఆ బ్యాచ్ నిజంగానే ఉంది, నిజంగానే ఆ జిల్లాకు వెళ్లింది. ఇక ఆలోచించడానికి ఏముంది, వెనక్కి పిలవడమే. స్టాకిస్టులందరికీ మెయిల్ వెళ్లాలి: ఈ బ్యాచ్ అమ్మకం ఆపండి, ఉన్నది పక్కన పెట్టి తాళం వేయండి, మీరు ఏ షాపులకు ఇచ్చారో వాళ్లకూ చెప్పండి, వెనక్కి పంపండి. డ్రగ్ కంట్రోల్ ఆఫీసుకు వేరే మెయిల్. సార్ రెండింటికీ డ్రాఫ్టు తానే టైపు చేసి నా మెయిల్‌లో పెట్టారు.

"తొందరగా ఒకసారి చూసి పంపించేయండి" అన్నారు.

ఇక్కడ నా అలవాటు గురించి చెప్పాలి. నా మొదటి ఉద్యోగంలో ఒక సీనియర్ మేడం ఉండేది. ముఖ్యమైన ఏ మెయిలూ ఆమె స్క్రీన్ మీద చూసి పంపనిచ్చేది కాదు. ముందు 'టు' గడి ఖాళీ చేయించేది, చెయ్యి జారినా మెయిల్ వెళ్లకుండా. తర్వాత ప్రింటు తీయించేది. పేర్లు ఒకసారి, తారీకులు ఒకసారి, అంకెలు ఒకసారి, ఒక్కొక్కదాని కోసం మళ్లీ మొదటి నుంచి చదవాలి. అన్నీ కలిపి ఒకేసారి చదివితే కన్ను మాటల అర్థం వెంట పోతుందని, అంకెను చూడదని అనేది. అంకెలు మాత్రం ఇద్దరు కలిసి చూడాలి. ఒకరు అసలు కాగితం నుంచి పైకి చదవాలి, ఇంకొకరు డ్రాఫ్టు మీద వేలు పెట్టి చూడాలి. అసలు కాగితం అంటే ఇంకో మెయిల్ కాదు, ఎవరో టైపు చేసింది కాదు, మొదట ఎక్కడ పుట్టిందో అది. ఆఖరున అటాచ్‌మెంట్లు ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. ఫైలు పేరు చూసి నమ్మకూడదు. అదంతా నేను ఒక కాగితం మీద రాసుకుని నా కంప్యూటర్ పక్క గోడకు అంటించుకున్నాను. కంపెనీలో అది అధికారిక కాగితమేం కాదు. కొందరు నవ్వేవాళ్లు కూడా.

ఆ రోజు ఆ కాగితం వైపు చూస్తే నాకు భయమేసింది. అదంతా చేయాలంటే సమయం పడుతుంది. చేసినంతసేపూ ఆ మాత్రలు బయట అమ్ముడవుతూనే ఉంటాయి. చేయకుండా పంపితే, అందులో ఒక్క అంకె తప్పయితే, షాపులవాళ్లు మంచి మాత్రల్ని తిప్పి పంపి, చెడ్డవాటిని నిశ్చింతగా అమ్ముకుంటారు. మేమే చెప్పాం కదా, ఇది కాదు అది అని.

"సార్, ఇద్దరం సదివి పంపుత. జర టైం ఇయ్యండి" అన్నాను.

ఆయన గడియారం వైపు చూశారు. కాదనలేదు. "ఎవరితో చదువుతారు? మీ అమ్మాయి సెలవులో ఉంది కదా" అన్నారు. నాతో రోజూ చదివే అమ్మాయి కాన్పుకి పుట్టింటికి వెళ్లింది. మిగిలినవాళ్లు దాచి ఉంచిన శాంపిల్స్ తీయడానికి కింద గదిలో ఉన్నారు.

అప్పుడే ప్యాకింగ్ ఇన్‌చార్జ్ అన్న రికార్డుల కట్ట పట్టుకుని లోపలికి వచ్చాడు. సార్ ఆయన్నే కూర్చోమన్నారు. ఎనభై మూడు బ్యాచ్ ప్యాక్ చేసింది రెండో షిఫ్టువాళ్లు, ఈ అన్న షిఫ్టు కాదు. అందుకని ఆయన చదవడంలో ఇబ్బంది ఏమీ లేదనుకున్నాం.

ఆ అన్నది నల్లగొండ జిల్లా. హెల్పర్‌గా చేరి, లైన్ మీదే పని నేర్చుకుని ఇన్‌చార్జ్ అయ్యాడు. నాచారంలోనే రెండు గదుల ఇంట్లో ఉంటాడు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దమ్మాయి ఇంటర్. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుంటే, వాళ్లావిడ పెట్టిన పచ్చిపులుసు కొంచెం నా గిన్నెలో పోసి గానీ తినడు. ఆ రోజు మొహం వాడిపోయి ఉంది. ప్యాకింగ్‌లో అందరి మొహాలూ అలాగే ఉన్నాయి. తప్పు ప్యాకింగ్‌లోనే జరిగిందని అందరికీ అర్థమైంది.

"సదువన్న, జర నిదానంగ. ఒక్కొక్క అక్షరం" అన్నాను.

మొదట బ్యాచ్ రికార్డు. ఆయన చదివాడు, నేను ప్రింటు మీద వేలు పెట్టి చూశాను. మందు పేరు. ఎన్ని మిల్లీగ్రాములు. డబ్బాకు ఎన్ని స్ట్రిప్పులు. బ్యాచ్ నంబరు, ఒక్కో అక్షరం విడివిడిగా, చివర ఎనిమిది, మూడు. తయారీ ఫిబ్రవరి. గడువు, ఏడాది దాటాక వచ్చే జనవరి. మొత్తం డబ్బాలు. అన్నీ సరిపోయాయి. సరిపోకేం, సార్ టైపు చేసింది ఆ రికార్డు చూసే కదా.

ఆయన రికార్డు మూయబోయాడు. నేను ఫోటో ప్రింటు ముందుకు జరిపాను.

"ఇదెందుకు మేడం? రికార్డుతోని కలిసింది గద."

"ఫిర్యాదు వచ్చింది ఈ డబ్బా మీదనే కదన్నా. నంబరు మొదట ఉన్నది దీని మీద. షాపాయన దీన్ని చూసే టైపు చేసిండు. ఇది సదివితేనే లెక్క."

ఆయన ఫోటో దగ్గరికి తీసుకున్నాడు. డబ్బా చివర అంచు మీద నంబరు, తయారీ నెల, గడువు నెల వరసగా అచ్చయి ఉన్నాయి. డబ్బాకు వేసిన రబ్బరు బ్యాండు నీడ సరిగ్గా నంబరు చివర పడింది. చిన్న ఫోటో, పెద్దది చేస్తే మసకగా ఉంది.

"పేరు కరెక్టే. మిల్లీగ్రాములు కరెక్టే. నంబరు..." మొదటి అక్షరాల నుంచి చదువుకుంటూ వచ్చాడు. "ఎనిమిది... మూడు. మూడే అనుకుంట. సగం కనవడ్తలేదు."

"తయారీ?"

ఆయన మాట్లాడలేదు.

నేను తల ఎత్తలేదు. నా వేలు డ్రాఫ్టు మీద ఫిబ్రవరి అన్న మాట కింద ఆగి ఉంది. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. కింద ప్యాకింగ్ హాల్లో లైను ఆపేశారు కాబట్టి, రోజూ నేల అదిరే ఆ చిన్న అదురు కూడా లేదు. ఎంతసేపటికీ మాట రాకపోయేసరికి తలెత్తి చూశాను. ఆయన ఫోటో మీదికి వంగి ఉన్నాడు. ఫోటో పట్టుకున్న బొటనవేలి గోరు తెల్లగా అయింది.

"అన్నా?"

"మార్చి" అన్నాడు. దగ్గి మళ్లీ చదివాడు. "తయారీ మార్చి మేడం. గడువు ఫిబ్రవరి."

నేను ఫోటో లాక్కున్నాను. అవును. ఫోటోలో ఫిబ్రవరి ఉంది. కానీ అది గడువు వరసలో ఉంది. డ్రాఫ్టులో ఫిబ్రవరి ఉంది, తయారీ వరసలో. పొద్దున నేనూ ఈ ఫోటో చూశాను. సారూ చూశారు. ఇద్దరి కళ్లూ ఫిబ్రవరి అన్న అక్షరాలు చూసి, ఉంది కదా అనుకుని ముందుకు పోయాయి. ఏ నెల దేని నెలో చూడలేదు.

ఒక బ్యాచ్‌కి ఒకటే తయారీ నెల ఉంటుంది. ఎనభై మూడు ఫిబ్రవరిలో తయారైంది. ఈ డబ్బా మార్చిది. అంటే ఈ డబ్బా ఎనభై మూడు కాదు.

"మరి ఇదేంది?" అన్నాను, నాలో నేను అనుకున్నట్టు.

"ఎనభై ఎనిమిది" అన్నాడు ఆయన. "మార్చిల బీపీ గోలీలు ఒక్కటే బ్యాచ్ పోయింది మేడం. అది నాది."

నాకు వెంటనే ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎనభై ఎనిమిది ఆయన షిఫ్టులో ప్యాక్ అయింది. లైను మీద ఒక మందు అయిపోయి ఇంకో మందు మొదలుపెట్టే ముందు, పాత మందు స్ట్రిప్పు ఒక్కటి కూడా ఎక్కడా మిగల్లేదని చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం ఆయనది. పక్కన మా క్వాలిటీవాళ్లలో ఒకరి సంతకం కూడా ఉంటుంది.

"అన్నా, ఇప్పుడే పక్కా అని చెప్పకు. ముందు షాపాయనకు ఫోన్ జేద్దం."

సార్‌ని పిలిచాను. ఆయన ఫోటో చూశారు, డ్రాఫ్టు చూశారు, కుర్చీలో కూర్చుండిపోయారు. మెయిల్‌లో ఉన్న నంబరుకి ఫోను కలిపి స్పీకర్ పెట్టాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు. భయపడుతూ మాట్లాడాడు. కేసు తన మీద పెడతారేమోనని.

"మీ మీద ఏం లేదు భాయ్. డబ్బా మీ దగ్గర్నే ఉన్నదా? రబ్బర్ తీసి బ్యాచ్ నంబర్ ఒక్కొక్క అక్షరం సదవండి. కింద తారీకులు కూడ" అన్నాను.

చప్పుళ్లు వినిపించాయి. ఎవరో గిరాకీ అడుగుతున్నారు, ఆగమని అరిచాడు. తర్వాత చదివాడు. చివర ఎనిమిది, ఎనిమిది. తయారీ మార్చి. గడువు ఫిబ్రవరి.

"మరి మెయిల్ల ఎనభై మూడు రాసిన్రు?"

"మా పోరగాడు టైప్ జేసిండు మేడం. రబ్బర్ కింద సరిగ కనవడలేదేమో. ఎనిమిదిని మూడు అనుకున్నడు."

ప్యాకింగ్ అన్న కళ్లు మూసుకున్నాడు. ఎవరికీ చెప్పకుండానే లేచి వెళ్లి లైన్ లాగ్‌బుక్ తెచ్చాడు. ఎనభై మూడు కంటే ముందు ఆ లైను మీద నడిచింది గ్యాస్ మాత్ర. ఎనభై ఎనిమిది కంటే ముందు నడిచింది షుగర్ మాత్ర. ఆ పేజీ తెరిచి సార్ ముందు పెట్టి నిలబడ్డాడు. సార్ ఆ పేజీ చదివారు. "మీరు కూర్చోండి. ఇంకా చదవాల్సింది ఉంది" అన్నారు అంతే.

ఎనభై ఎనిమిది వెనక్కి పిలవాలి, ఎనభై మూడు కూడా విచారణ అయ్యేదాకా అమ్మకుండా ఆపమనాలి అని సార్ నిర్ణయించారు. మెయిల్ మళ్లీ రాశాం. ఈసారి నేనే టైపు చేశాను. మళ్లీ ప్రింటు. మళ్లీ పేర్లు, తారీకులు, అంకెలు. ఆ అన్నే చదివాడు. తన బ్యాచ్ రికార్డు తనే తెరిచి, తన సంతకం ఉన్న పేజీలోంచి. గొంతు స్థిరంగానే ఉంది. పేజీ తిప్పేటప్పుడు మాత్రం వేళ్లు కాగితానికి అంటుకోలేదు, రెండు మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

అటాచ్‌మెంట్ల దగ్గర ఇంకో తప్పు దొరికింది. మెయిల్‌లో నంబరు మార్చాం గానీ, కింద తగిలించి ఉన్న సంతకం పెట్టిన లెటర్ పొద్దుటిదే. తెరిస్తే ఎనభై మూడు. పైన ఒక నంబరు, కింద ఇంకో నంబరు. ఏది చూసి షాపువాడు ఏది తీస్తాడు? దాన్ని తీసేసి కొత్త లెటర్ ప్రింటు తీసి, సార్ సంతకం పెట్టించి, స్కాన్ చేశాను. పాత ఫైలు డెస్క్‌టాప్ మీదే ఉంటే మళ్లీ అదే అంటుకుంటుందని వేరే ఫోల్డర్‌లోకి పంపి, కొత్త దానికి పేరు మార్చాను. రెండో అటాచ్‌మెంటు, ఎన్ని డబ్బాలు మిగిలాయో స్టాకిస్టులు నింపి పంపే పట్టిక. తెరిస్తే అందులోనూ పై వరసలో పాత నంబరే. అదీ మార్చాను. మూడోది ఏ స్టాకిస్టుకి ఎంత వెళ్లిందో చూపే జాబితా. అది డ్రగ్ కంట్రోల్ ఆఫీసుకు వెళ్లాల్సింది, స్టాకిస్టులకు కాదు. పొద్దున తొందరలో దీంట్లోనూ తగిలించారు. తీసేశాను.

తర్వాత ఆ మెయిల్ ముందు నాకే పంపుకున్నాను. నా ఫోనులో తెరిచి చూశాను. అటాచ్‌మెంట్లు తెరుచుకున్నాయి. సార్ సంతకం కనిపించింది. నంబరు ఎనభై ఎనిమిది.

ఆఖరున చిరునామాలు. ఒక స్టాకిస్టు పేరు మొదటి మూడక్షరాలు కొట్టగానే కంప్యూటర్ ఇంకో జిల్లాలో అదే పేరుతో ఉన్నవాణ్ని చూపించింది. అతను మా దగ్గర ఎప్పుడో మానేశాడు. ఆ చిరునామాకి వెళ్లి ఉంటే ఒక జిల్లా మొత్తానికి సంగతి తెలిసేది కాదు. పంపిణీ జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్కరినీ చూసుకున్నాను. 'పంపు' నొక్కే ముందు సార్ వైపు చూశాను. ఆయన తలూపారు. నొక్కాను. డ్రగ్ కంట్రోల్ ఆఫీసు మెయిల్ కూడా అలాగే సరిచూసి పంపాను.

భయం అక్కడితో పోతుందనుకున్నాను. పోలేదు, ఎక్కువైంది. పంపాక చేతిలో ఏమీ ఉండదు. అందినట్టు జవాబు ఇవ్వమని రాశాం. ఒక్కొక్కటే వస్తున్నాయి, వచ్చిన ప్రతిదాన్నీ తెరిచి నంబరు సరిగ్గా రాశారో లేదో చూస్తున్నాను. ఒక మెయిల్ తిరిగొచ్చింది. ఆ చిరునామా లేదట. మా జాబితాలోనే తప్పు ఉంది. మేం జాబితాతో సరిచూశాం, జాబితాను దేనితోనూ సరిచూడలేదు. ప్యాకింగ్ అన్న అప్పటికే ఫోను తీసుకుని ఆ స్టాకిస్టుకి చేస్తున్నాడు. జవాబు రానివాళ్లందరికీ ఇద్దరం పంచుకుని ఫోన్లు చేశాం. భోజనం సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆ మధ్యలో నాకు ఒక్కసారిగా మా అత్తమ్మ గుర్తొచ్చింది. ఆమె వేసుకునేది అదే బీపీ మాత్ర. అదే కంపెనీ. నేనే చెప్పి మార్పించాను, మన దగ్గర బాగా చేస్తామని. ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లాను.

"అత్తమ్మా, పొద్దుగాల గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న. ఏమైంది?"

"ఏం కాలే. కండ్లు తిరుగుడు, చెమటలు గిట్ల ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు బిడ్డ. బియ్యంల రాళ్లేరుతున్న. ఎందుకు అడుగుతున్నవు?"

"గోలీల షీటు తీస్కరా. దాని అంచుకు నంబర్ ఉంటది, పక్కింటి పిల్లగానితోని సదివియ్యి."

ఆమె వెళ్లింది. ఎదురుగా రోడ్డు మీద మధ్యాహ్నం షిఫ్టువాళ్లు బైకుల మీద వస్తున్నారు. ఆమె తిరిగి వచ్చింది. "అంచు లేదు బిడ్డ. షాపాయన కత్తిరించి ఇచ్చిండు. నడిమి ముక్క ఉన్నది" అంది.

నేను అప్పటిదాకా కాగితం మీద మాత్రమే చూసిన భయం అది. కత్తిరించిన స్ట్రిప్పు మీద నంబరు ఉండదు. పేరు సగం ఉంటుంది. చదువురాని మనిషి చేతిలో అది వెండిరంగు కాగితం అంతే.

"నేనొచ్చేదాక ఇంకో గోలీ ముట్టకు అత్తమ్మా. రేపటిది కూడ."

"బీపీ పెరగదా?"

"నేనొస్తున్న."

సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు ఎప్పటిలాగే ఆగిపోయింది. దిగి నడిచాను. మెట్రో స్తంభాల కింద జనాన్ని తోసుకుంటూ నడిచాను. ఇంటికి వెళ్లేసరికి అత్తమ్మ ఆ ముక్కను స్టీలు గిన్నెలో పెట్టి మూత పెట్టింది, పిల్లలు ముట్టకుండా. తిప్పి చూశాను. సగం పేరు కనిపించింది, మాత్ర ఆకారం కనిపించింది. బీపీ మాత్రే. అయినా నమ్మకం కుదరలేదు. మా సందు చివరి షాపుకి వెళ్లి డబ్బా అడిగి చూశాను. నంబరు వేరు. షాపాయన నా మొహం చూసి మంచినీళ్లు ఇచ్చాడు.

ఆ ఊరి పెద్దావిడ బతికింది. కొన్నాళ్లకు ఇంటికి వెళ్లిందని మెయిల్ రాసిన షాపాయన చెప్పాడు. సార్ స్వయంగా వెళ్లి చూసి వచ్చారు. ఏం మాట్లాడారో మాకు చెప్పలేదు. ఎనభై ఎనిమిది బ్యాచ్ చాలావరకు తిరిగొచ్చింది. డబ్బాలన్నీ తెరిచి చూస్తే ఇంకో రెండు డబ్బాల్లో షుగర్ మాత్రల స్ట్రిప్పులు దొరికాయి. ఒకటి తెరవని డబ్బా. రెండోది సగం అమ్ముడైన డబ్బా, ఆ షాపు మా మెయిల్ అందిన రోజే పక్కన పెట్టేసింది. ఎనభై మూడులో ఏమీ లేదు. అమ్ముడైపోయినవి కొన్ని ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. వాటి గురించి ఏ కబురూ రాలేదు. కబురు రాకపోవడం మంచిదే అనుకుంటాం, అనుకోకుండా ఎలా ఉంటాం.

విచారణలో, లైను కింద తిరస్కరించిన స్ట్రిప్పుల ట్రే ఒకటి ఖాళీ చేయకుండా మిగిలిందని తేలింది. సంతకం పెట్టినవాళ్లు ఇద్దరు. మా విభాగం కుర్రాడికి మెమో ఇచ్చి మళ్లీ శిక్షణకు పంపారు. ప్యాకింగ్ అన్నని లైను నుంచి తీసి స్టోర్స్‌లో వేశారు. సార్ అడ్డుపడకపోతే ఉద్యోగమే పోయేది. కొన్ని నెలలకు ఆయనే మానేశాడు.

తర్వాత ఒకసారి ఉప్పల్‌లో కూరగాయల బండ్ల దగ్గర కలిశాడు. ఇప్పుడు పోచారం వైపు ఒక గోదాములో పనిచేస్తున్నాడట. పెద్దమ్మాయి డిగ్రీలో చేరిందట. చేతిలో తోటకూర కట్టలు. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక అడిగాను.

"ఆ రోజు ఫోటో సదివేటప్పుడు అంతసేపు ఆగినవేందన్నా? కనవడలేదా?"

ఆయన తోటకూర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"కనవడ్డది. ఫస్టే కనవడ్డది. మార్చి అంటే నాదే అని ఎరుకైంది." కొంచెం ఆగాడు. "ఫిబ్రవరి అని సదువుదామనుకున్న మేడం. మీరు తల ఎత్తలే. మీ వేలు ఫిబ్రవరి మీదనే ఉన్నది. నేను ఆ మాట అంటే మీరు టిక్ పెడుతరు, మెయిల్ పోతది. మెయిల్ల ఉన్న ఎనభై మూడు వేరేటోళ్లది."

పక్కన బండివాడు టమాటాల ధర అరుస్తున్నాడు.

"మల్ల ఎందుకు సదివినవు?"

"ఏమో. నోట్లెకెళ్లి వచ్చేసింది. చానా భయమైంది. ఏది అంటే ఎక్కువ భయమైతదో సూసుకున్న, అంతే." బస్సు వస్తోందని చూసి, "వస్త మేడం" అని వెళ్లిపోయాడు.

నేను ఆ గోడ మీది కాగితాన్ని నమ్మి ఇన్నేళ్లు బతికాను. పేర్లు, తారీకులు, అంకెలు, అటాచ్‌మెంట్లు. ఇద్దరు చదివితే తప్పు బయటికి పోదనుకున్నాను. ఆ రోజు నేను విన్నది ఒక మనిషి గొంతును మాత్రమే, కాగితాన్ని కాదు. ఆ గొంతు ఇంకో నెల చెప్పి ఉంటే నేను టిక్ పెట్టేదాన్ని.

ఇప్పుడు ఇద్దరం చదివాక, స్థానాలు మార్చుకుని మళ్లీ చదువుతాం. మొదట చదివినవాళ్లు డ్రాఫ్టు పట్టుకుంటారు, రెండోవాళ్లు అసలు కాగితం చూస్తారు. సమయం రెట్టింపు పడుతుంది. కాన్పు అయ్యి తిరిగొచ్చిన అమ్మాయి ఎందుకు మేడం అని అడిగితే, కన్ను అలిసిపోతుంది కదా అన్నాను. ఆ అన్న సంగతి ఆమెకు చెప్పలేదు. ముఖ్యమైన మెయిల్ పంపాల్సిన రోజు ఇప్పటికీ పొద్దున్నుంచి నాకు అన్నం సయించదు. ఎదుటివాళ్లు చదువుతూ ఒక్క క్షణం ఆగితే చాలు, వెంటనే తలెత్తి వాళ్ల మొహం చూస్తాను.